ట్రయల్ కోర్టు ఫైండింగ్‌ను అప్పీలు కోర్టు ఏ కొలతతో తిరగేసింది? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులోనూ తెలంగాణ హైకోర్టులోనూ వచ్చే సివిల్ తీర్పులు చదివే జూనియర్ లాయర్లు, లా విద్యార్థులు, తమ కేసు తీర్పు తామే అర్థం చేసుకోవాలనుకునే కక్షిదారుల కోసం ఇది. క్రిమినల్ అప్పీళ్ల గురించి చివర్లో కొంచెమే ఉంది.

సమీక్షా ప్రమాణం అంటే ఏమిటి? రివ్యూ పిటిషన్‌తో దీనికి సంబంధం ఉందా?

లేదు. రివ్యూ పిటిషన్ అంటే తీర్పిచ్చిన కోర్టునే మళ్లీ చూడమని అడగడం. దానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 114, ఆర్డర్ 47 వేరుగా ఉన్నాయి. ఇక్కడ మాట్లాడుతున్నది వేరే సంగతి. కింది కోర్టు "సంతకం ప్రతివాదిదే" అనో "డబ్బు ముట్టలేదు" అనో ఒక వాస్తవాన్ని తేల్చింది. పై కోర్టు దాన్ని చెరిపేయాలంటే ఆ తేల్చడంలో ఎంత పెద్ద లోపం కనబడాలి అన్నదే సమీక్షా ప్రమాణం. మన కోర్టు హాళ్లలో ఈ మాట పెద్దగా వినపడదు. "ఈ అప్పీల్లో స్కోప్ ఎంత?" అని అడుగుతారు. రెండూ ఒకటే.

అమెరికా పుస్తకాల్లో దీనికి అంతస్తులవారీగా పేర్లు కనిపిస్తాయి. మన తీర్పుల్లో అలాంటి చీటీ అంటించి ఉండదు, చదివి పట్టుకోవలసిందే.

మొదట ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

అప్పీలు తీర్పు ఒక్కటే చదివితే చాలదు. ట్రయల్ కోర్టు తీర్పు పక్కనే ఉండాలి. ఎందుకంటే ట్రయల్ జడ్జి ఏడు కారణాలు చెబితే అప్పీలు తీర్పు అందులో నాలుగింటినే ప్రస్తావించి ఉండొచ్చు. మిగతా మూడు ఏమయ్యాయన్నది అప్పీలు తీర్పు ఎన్నిసార్లు చదివినా తెలియదు. వీలైతే ముఖ్య సాక్షుల డిపోజిషన్, అంటే నమోదైన వాంగ్మూలం, కాపీలు కూడా తీసుకోండి, ముఖ్యంగా క్రాస్ ఎగ్జామినేషన్ భాగం. రెండో అప్పీలయితే అడ్మిషన్ నాటి, అంటే అప్పీలును విచారణకు తీసుకున్ననాటి, ఉత్తర్వు కూడా కావాలి. అదెందుకో కింద చెప్పాం.

లా జర్నల్ హెడ్‌నోట్ చూసి తేల్చేయకండి. "కింది కోర్టు నిర్ధారణ పర్వర్స్, రద్దు" అని, అంటే ఆ నిర్ధారణకు రావడమే కుదరదని, హెడ్‌నోట్ రాసిన తీర్పు తెరిస్తే లోపల కోర్టు చేసింది మామూలుగా సాక్ష్యాన్ని తిరిగి తూచడమే అయి ఉండొచ్చు.

కేసు నంబరు చూస్తే తెలిసిపోదా?

సగం తెలుస్తుంది. సిటీ సివిల్ కోర్టు ఒరిజినల్ డిక్రీ మీద హైకోర్టుకు నేరుగా వచ్చిన అప్పీలుకు సీసీసీఏ అనే నంబరు ఉంటుంది. జిల్లా కోర్టుల నుంచి వచ్చేవి, కింది స్థాయిలో చీఫ్ జడ్జి ముందుకు వెళ్లేవి ఏఎస్. ఇవన్నీ సెక్షన్ 96 కింద మొదటి అప్పీళ్లు. ఎస్ఏ అంటే సెక్షన్ 100 కింద రెండో అప్పీలు. మొదటి అప్పీల్లో వాస్తవం, చట్టం రెండూ తెరిచే ఉంటాయి. రెండో అప్పీల్లో చట్టం మాత్రమే.

చిక్కంతా సీఆర్‌పీ, అంటే సివిల్ రివిజన్ పిటిషన్, దగ్గర వస్తుంది. సెక్షన్ 115 కింద రివిజన్ అయినా, రాజ్యాంగం 227వ అధికరణం కింద వేసినా, రెంట్ కంట్రోల్ చట్టం సెక్షన్ 22 కింద వేసినా నంబరు సీఆర్‌పీయే. మూడింటి హద్దులూ వేరు. 115 కింద అసలు ప్రశ్న అధికార పరిధి గురించి. రెంట్ కంట్రోల్ చట్టం 22 కింద ఉత్తర్వు చట్టబద్ధమా, క్రమబద్ధమా, ఉచితమా అని చూడొచ్చు. ఈ చివరి మాట పట్టుకుని సాక్ష్యమంతా మళ్లీ తూచేయొచ్చని వాదించేవాళ్లున్నారు. కేరళ, తమిళనాడు, హర్యానా అద్దె చట్టాల్లోని ఇలాంటి అధికారం గురించి 2014లో హిందుస్తాన్ పెట్రోలియం వర్సెస్ దిల్‌బహార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కుదరదని చెప్పింది. సాక్ష్యం లేకుండా తేల్చారా, ముఖ్య సాక్ష్యం వదిలేశారా, తప్పుగా చదివారా అన్నంతవరకే చూడాలి, రెండో అభిప్రాయం నచ్చిందని మార్చకూడదు అని. కాబట్టి సీఆర్‌పీ కనబడితే తీర్పు మొదటి పేజీలో "ఫలానా సెక్షన్ కింద దాఖలైన" అన్న వాక్యం చూశాకే ముందుకు వెళ్లండి.

మొదటి అప్పీల్లో పూర్తి స్వేచ్ఛ ఉన్నప్పుడు ఇక వెతకడానికేముంది?

స్వేచ్ఛ ఉంది గానీ, దానికి రెండు కట్లున్నాయి. ఒకటి తీర్పు రాసే పద్ధతికి సంబంధించింది. ఆర్డర్ 41 రూల్ 31 ప్రకారం తేల్చవలసిన అంశాలు, వాటిపై నిర్ణయం, కారణాలు రాయాలి. డిక్రీని తిరగేస్తే అప్పీలుదారుకు దక్కే ఉపశమనం ఏమిటో కూడా రాయాలి. 2001లో సంతోష్ హజారీ వర్సెస్ పురుషోత్తం తివారీ కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త ముందుకెళ్లింది. ట్రయల్ కోర్టుతో ఏకీభవించేటప్పుడు అదే కారణాలన్నీ తిరగరాయనక్కర్లేదు. తిరగేసేటప్పుడు మాత్రం ట్రయల్ కోర్టు కారణాలను ఒక్కొక్కటిగా ఎదుర్కొని, అవెందుకు నిలవవో చెప్పి, ఆపైన సొంత కారణాలివ్వాలి.

రెండో కట్టు నోటి సాక్ష్యం గురించి. సాక్షుల మాటల్లో వైరుధ్యం ఉండి, ఎవరిని నమ్మాలన్నదే ప్రశ్న అయినప్పుడు, సాక్షిని కళ్లారా చూసిన ట్రయల్ జడ్జి అభిప్రాయానికి విలువివ్వాలి. ఆ సాక్షి విషయంలో ట్రయల్ జడ్జి గమనించని ప్రత్యేకత ఏదైనా ఉంటేనో, నమ్మడానికి వీల్లేనంత అసంభవమైన మాటను నమ్మి ఉంటేనో తప్ప జోక్యం వద్దని 1950లోనే సర్జూ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అందువల్ల ఒకే మొదటి అప్పీల్లో రెండు కొలతలుంటాయి. పత్రాలు, ఒప్పుకున్న విషయాల నుంచి తీసిన ఊహల మీద పూర్తి స్వేచ్ఛ. సాక్షి నమ్మకం మీద మాత్రం చెయ్యి వెనక్కి. తీర్పంతటికీ ఒకే ప్రమాణం రాసుకుంటే పొరబాటయ్యేది ఇక్కడే. ప్రమాణాన్ని ఫైండింగ్ వారీగా చూడాలి.

"సాక్షిని చూసిన జడ్జి" అన్న వాదన అన్ని కేసుల్లోనూ నిలుస్తుందా?

నిలవదు. 2002 సవరణ తర్వాత చీఫ్ ఎగ్జామినేషన్ అఫిడవిట్ రూపంలో వస్తోంది. క్రాస్ చాలా కేసుల్లో అడ్వొకేట్ కమిషనర్ ముందు జరుగుతోంది. అలాంటప్పుడు తీర్పు రాసిన జడ్జి సాక్షిని చూడనే లేదు. సాక్షి తీరు గురించి కమిషనర్ తన వ్యాఖ్య రాయొచ్చని ఆర్డర్ 18 రూల్ 4లో ఉంది. అలాంటి వ్యాఖ్య ఉందేమో డిపోజిషన్‌లో వెతకండి. ఇంకో సందర్భం, సాక్ష్యం నమోదు చేసిన జడ్జి బదిలీ అయి, తర్వాత వచ్చినాయన తీర్పు రాయడం. అప్పుడూ ఆ జడ్జి చదివింది కాగితమే.

చూడవలసింది డిపోజిషన్ చివరి పేజీ, ఎవరి ముందు నమోదైందో, సంతకం ఎవరిదో. ఈ ఒక్క పేజీ చూడకుండా "ట్రయల్ జడ్జి ప్రత్యక్షంగా చూశారు కదా" అని పేజీలు పేజీలు వాదనలు రాస్తుంటారు.

రెండో అప్పీల్లో వాస్తవాన్ని తిరగేసినట్లు కనబడితే ఏమని అర్థం?

మూడు దారుల్లో ఏదో ఒకటి అయి ఉండాలి.

మొదటిది, కింది కోర్టు నిర్ధారణ పర్వర్స్ అన్న దారి. అంటే దానికి సాక్ష్యమే లేదు, లేదా ముఖ్య సాక్ష్యాన్ని పక్కనబెట్టి తేల్చారు, లేదా రికార్డులో ఉన్నదాన్ని లేనట్లుగా చదివారు. అప్పుడది వాస్తవ ప్రశ్నగా మిగలక న్యాయ ప్రశ్నగా మారుతుంది. రెండోది, చట్టాన్ని తప్పుగా అన్వయించడం వల్ల వాస్తవం తప్పుగా తేలడం. రుజువు భారం ఎవరి మీద ఉందో తారుమారు చేసుకుని సాక్ష్యం చదివితే ఇలా జరుగుతుంది. మూడోది సెక్షన్ 103. కింది కోర్టులు తేల్చకుండా వదిలేసిన అంశాన్నిగానీ, ఆ న్యాయ ప్రశ్న మీద తప్పు నిర్ణయం వల్ల తప్పుగా తేలిన అంశాన్నిగానీ, రికార్డులో సరిపడా సాక్ష్యముంటే హైకోర్టే తేల్చొచ్చు. సెక్షన్ 103 ప్రస్తావన లేకుండానే కోర్టు కొత్త వాస్తవాన్ని తేల్చేసిందంటే అక్కడ గుర్తు పెట్టుకోండి, సుప్రీంకోర్టులో మొదట తగిలే దెబ్బ అదే.

అడ్మిషన్ ఉత్తర్వు కావాలన్నది ఇందుకే. సెక్షన్ 100 ప్రకారం ముఖ్యమైన న్యాయ ప్రశ్నను ముందే రూపొందించి, దాని మీదే వినాలి. కొత్త ప్రశ్న మీద వినాలంటే కారణాలు నమోదు చేయాలి. అడ్మిషన్ నాటి ప్రశ్న ఒకటి, తీర్పులో జవాబు దొరికిన ప్రశ్న మరొకటి అయితే కోర్టు తన హద్దు దాటిందేమోనన్న అనుమానానికి అది గట్టి ఆధారం.

ఇంకో మాట. రెండో అప్పీల్లో హైకోర్టు ట్రయల్ కోర్టు తీర్పును పునరుద్ధరిస్తే అది తిరగేసింది ట్రయల్ కోర్టు ఫైండింగ్‌ను కాదు, మొదటి అప్పీలు కోర్టు ఫైండింగ్‌ను. వాస్తవాల మీద ఆఖరి కోర్టు అదే. నోట్స్ రాసేటప్పుడు ఈ రెండూ కలగాపులగం అవుతుంటాయి.

కోర్టు చెప్పిన ప్రమాణం ఒకటి, వాడింది ఒకటి అయితే ఎలా పట్టుకోవాలి?

తీర్పుల్లో ప్రమాణం చెప్పే పేరాలు సాధారణంగా పాత సుప్రీంకోర్టు తీర్పుల నుంచి ఎత్తి రాసినవి. వాటిని చదివి దాటేయండి. ఆ తర్వాత "ఈ కేసు విషయానికి వస్తే" అన్న చోటి నుంచి పెన్సిల్ పట్టుకోండి. ప్రతి ఫైండింగ్ దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకోవాలి: కింది కోర్టు అభిప్రాయం తప్పు అన్నదా, లేక అలా అనుకోవడానికే వీల్లేదు అన్నదా?

"సాక్ష్యాలన్నీ చూస్తే రెండో సాక్షి మాటే సహజంగా ఉంది" అంటే తిరిగి తూచడం. "రెండో సాక్షి క్రాస్‌లో ఒప్పుకున్న విషయాన్ని కింది కోర్టు అసలు ప్రస్తావించలేదు, అది చూసి ఉంటే ఈ నిర్ధారణకు రావడం కుదరదు" అంటే పర్వర్సిటీ. మొదటి వాక్యం సీసీసీఏలో ఉంటే తప్పులేదు. అదే వాక్యం ఎస్ఏలో ఉంటే, పైన పర్వర్స్ అన్న మాట ఎన్నిసార్లు రాసినా, కోర్టు వాడింది మొదటి అప్పీలు కొలతే.

ఒక ఉదాహరణతో మొత్తం చూపిస్తారా?

ఇది కల్పించిన కేసు. అంబర్‌పేటలో 40 గజాల రేకుల ఇల్లు 12 లక్షలకు అమ్ముతానని ఒప్పందం, అడ్వాన్స్ 4 లక్షలు. అమ్మకందారు తాను సంతకమే చేయలేదన్నాడు. కొనుగోలుదారు సీనియర్ సివిల్ జడ్జి ముందు ఓఎస్, అంటే ఒరిజినల్ సూట్, వేసి రిజిస్ట్రేషన్ చేయించాలనీ, లేదంటే అడ్వాన్స్ తిరిగి ఇప్పించాలనీ కోరాడు.

ట్రయల్ కోర్టు కేసు కొట్టేసింది. మూడు కారణాలు. ఒకటి, సంతకం ఉదయం ఇంట్లో జరిగిందని వాది తరఫు రెండో సాక్షి పీడబ్ల్యూ2, సాయంత్రం డాక్యుమెంట్ రైటర్ దగ్గర జరిగిందని మూడో సాక్షి పీడబ్ల్యూ3 చెప్పారు. రెండు, ఎగ్జిబిట్ ఏ1 ఒప్పందం స్టాంపు పేపరు మూడో మనిషి పేరున కొన్నది. మూడు, మిగతా 8 లక్షలు సిద్ధంగా ఉన్నాయనడానికి బ్యాంకు పాస్‌బుక్ దాఖలు కాలేదు.

మొదటి అప్పీలు, ఏఎస్, తిరగేసి డిక్రీ ఇచ్చింది. సాక్షులు నాలుగేళ్ల తర్వాత చెప్పారు, వేళలో తేడా సహజం అన్నది. వకాలత్ మీద, రాతపూర్వక జవాబు మీద ఉన్న సంతకాలను ఏ1తో పోల్చి ఒకటేనన్నది. స్టాంపు పేపరు గురించి ఏమీ అనలేదు. డబ్బు గురించి ఒకే వాక్యం: "వాది వ్యాపారి కాబట్టి సిద్ధంగా ఉన్నట్లే భావించవచ్చు."

ఇప్పుడు ఫైండింగ్ వారీగా చూద్దాం. సాక్షుల నమ్మకం మీద అప్పీలు కోర్టు పూర్తి స్వేచ్ఛ తీసుకుంది. క్రాస్ కమిషనర్ ముందు జరిగింది, సాక్షుల తీరుపై వ్యాఖ్య లేదు, కాబట్టి ఆ స్వేచ్ఛకు పెద్ద అడ్డు లేదు. సంతకం పోలిక కొత్తగా చేసిన పని. పాత సాక్ష్య చట్టం సెక్షన్ 73 కింద కోర్టుకు అధికారముంది, అయితే నిపుణుడు లేకుండా దాని మీదే ఆధారపడితే బలహీనమే. స్టాంపు పేపరు కారణాన్ని ఎదుర్కోలేదు, సంతోష్ హజారీ లెక్కన అది లోటు. డబ్బు దగ్గర తూచడం కూడా లేదు, ఊహ మాత్రమే ఉంది.

అమ్మకందారు ఎస్ఏ వేశాడు. హైకోర్టు రెండు ప్రశ్నలు రూపొందించింది. ఒప్పందం రుజువు విషయంలో "మరో అభిప్రాయం సాధ్యమే, కానీ సెక్షన్ 100 కింద దాన్ని మార్చం" అంది. ఇది సంయమనం. డబ్బు విషయంలో మాత్రం పీడబ్ల్యూ1, అంటే వాది, క్రాస్‌లో "గడువు నాటికి నా దగ్గర 8 లక్షలు లేవు, అప్పు కోసం తిరుగుతున్నాను" అన్న జవాబును మొదటి అప్పీలు కోర్టు చూడనే లేదని పట్టుకుంది. ఆ జవాబు ఉండగా సిద్ధంగా ఉన్నట్లు తేల్చడం కుదరదంది. రిజిస్ట్రేషన్ డిక్రీ పోయి, అడ్వాన్స్ వడ్డీతో తిరిగి ఇవ్వాలన్న డిక్రీ మిగిలింది. ఇక్కడ కొలత పర్వర్సిటీ, ముఖ్య సాక్ష్యాన్ని వదిలేయడం అనే తరహా. అదే తీర్పులో రెండు ఫైండింగ్‌ల మీద రెండు కొలతలు పక్కపక్కనే ఉన్నాయి. ట్రయల్ కోర్టు ఫైండింగ్ మాత్రం ఎస్ఏలో తిరగబడలేదు, డబ్బు విషయంలో మళ్లీ నిలబడింది.

"సంభావ్యతల మొగ్గు" అని తీర్పులో రాశారు. అదే సమీక్షా ప్రమాణమా?

కాదు. అది రుజువు ప్రమాణం. సివిల్ కేసులో వాది ఎంతమేరకు రుజువు చేయాలన్నదానికి జవాబు. క్రిమినల్లో "సహేతుక సందేహానికి తావులేకుండా" అన్నదీ అలాంటిదే. అప్పీలు కోర్టు ఆ మాట వాడిందంటే తాను స్వయంగా సాక్ష్యం తూచిందనడానికి అదొక సూచన మాత్రం అవుతుంది.

క్రిమినల్ కేసులో నిర్దోషి తీర్పును తిరగేస్తే?

ముందు చదవవలసింది 2007 నాటి చంద్రప్ప వర్సెస్ కర్ణాటక రాష్ట్రం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 378, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 419 కింద వచ్చే ఇలాంటి అప్పీల్లో సాక్ష్యమంతా మళ్లీ తూచే అధికారం హైకోర్టుకుందని అది చెప్పింది. "బలమైన, తప్పనిసరి కారణాలు" లాంటి పదాలు భాషాలంకారాలే తప్ప అధికారానికి హద్దులు కావంది. అయితే నిర్దోషిగా తేలిన మనిషికి నిర్దోషిత్వ ఊహ రెట్టింపవుతుంది కాబట్టి, రెండు సహేతుక అభిప్రాయాలు సాధ్యమైనచోట ట్రయల్ కోర్టు అభిప్రాయాన్ని కదిలించకూడదు. కాబట్టి ఇక్కడ చూడవలసింది, ట్రయల్ కోర్టు అభిప్రాయం సాధ్యమే కాదని హైకోర్టు తేల్చిందా లేదా అన్నది. ఆ వాక్యం తీర్పులో లేకపోతే ఎంత ఘాటైన పదాలున్నా ఆ శిక్ష బలహీనమే.

రిమాండ్ చేసినా, కొత్త సాక్ష్యం తీసుకున్నా ఇదే లెక్కనా?

రిమాండ్ అంటే కేసును మళ్లీ తేల్చమని కింది కోర్టుకు తిప్పి పంపడం. అందులో ఫైండింగ్ పక్కకు పోతుంది గానీ దాని బదులు వేరే ఫైండింగ్ రాదు. దాన్ని తిరగేసిన కేసుల్లో లెక్కించకండి. ఆర్డర్ 41 రూల్ 27 కింద అదనపు పత్రం తీసుకుని తిరగేస్తే పై కోర్టు చూసిన రికార్డే వేరు. ట్రయల్ జడ్జి తప్పు చేశారని ఆ తీర్పు చెప్పినట్లు కాదు, ఏ ప్రమాణానికీ అది ఉదాహరణగా పనికిరాదు.

నోట్‌లో ఎలా రాసుకోవాలి?

ఫైండింగ్‌కు ఒక వాక్యం. పై ఉదాహరణకు ఇలా: "ఎస్ఏ, సెక్షన్ 100. డబ్బు సిద్ధంగా ఉండటంపై మొదటి అప్పీలు కోర్టు ఫైండింగ్ రద్దు. చెప్పిన ప్రమాణం పర్వర్సిటీ, వాడినదీ అదే. ఆధారం, పీడబ్ల్యూ1 క్రాస్ జవాబును వదిలేయడం." పక్కనే పేరా నంబరు రాయండి, తీర్పులోదీ డిపోజిషన్‌లోదీ రెండూ. చెప్పినదీ వాడినదీ వేరైనప్పుడు రెండూ రాసి, వాడినదాన్ని చూపించే వాక్యాన్ని తీర్పులో ఉన్నది ఉన్నట్లు ఎత్తి రాసుకోండి. మీ మాటల్లోకి మార్చితే రేపు బెంచ్ ముందు అది మీ అభిప్రాయంగానే వినబడుతుంది.